జీన్స్ కొనేముందు తిరగేసి చూడండి: మూడు జతల పోలిక

జీన్స్ ప్యాంటు చివరికి ఎక్కడ పాడవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. కాళ్లు రెండూ కలిసే చోట, లోపలి తొడల దగ్గర, వెనక జేబు పై మూలల్లో, మోకాలి మీద చిరుగుతుంది. మోకాలి కింద పిక్క దగ్గర చిరిగిన జీన్స్ అరుదు, నడుం వెనక బట్ట అరిగిన జీన్స్ ఇంకా అరుదు. అంటే ప్యాంటు మొత్తం ఒకే రకంగా అరగదు. బట్ట అంతా బాగానే ఉండగానే నాలుగైదు చోట్ల ప్రాణం పోతుంది. ఆ నాలుగైదు చోట్ల తయారీదారు ఏం చేశాడన్న దాన్ని బట్టే రెండు జీన్స్‌లలో ఏది మేలో తేలుతుంది.

అయినా అమ్మకాల్లో ముందుగా వినిపించేది డెనిమ్ బరువే. ఇన్ని ఔన్సులు, అన్ని ఔన్సులు అని. బరువు ముఖ్యమే కానీ చూడాల్సిన వరసలో అది మూడోది. ముందు కుట్టు, తర్వాత వాష్, ఆ తర్వాతే బరువు. జేబు మూలల్లో కొట్టే లోహపు రివెట్లు చివర్లో. ఈ వరస ఎందుకో తెలియాలంటే మూడు జతలను పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడూ మామూలుగా దొరికే రకాలే.

మొదటిది పదిన్నర ఔన్సుల స్ట్రెచ్ జీన్స్. 98 శాతం నూలు, 2 శాతం సాగే పోగు, అంటే ఎలాస్టేన్. తొడల మీద బాగా వెలిసినట్టు, నడుం కింద ముడతల గీతలు పడినట్టు వాష్ చేసి ఉంది. లోపలి కుట్లన్నీ బట్ట అంచును దారాలతో చుట్టేసే ఓవర్‌లాక్. రెండోది 13 ఔన్సుల పూర్తి నూలు డెనిమ్. ఫ్యాక్టరీలో ఒక్కసారి నీళ్లలో ఉతికి ఆరబెట్టారు, అంతకు మించి ఏమీ చేయలేదు. లోపలి కాలి కుట్టు, వెనక సీటు కుట్టు, నడుం కింద వెనక వైపు అడ్డంగా వచ్చే యోక్ ముక్క కుట్టు, అంచులు లోపలికి మడిచే ఫెల్డ్ పద్ధతిలో ఉన్నాయి. మూడోది 16 ఔన్సుల రా డెనిమ్. మగ్గం మీంచి దిగిన బట్టను ఉతకకుండా, ముందుగా కుదించకుండా అలాగే కుట్టారు. లోపలి కాలి కుట్టు ఇందులోనూ ఫెల్డే. పక్క కుట్టు తెరిస్తే లోపల సెల్వెడ్జ్ అంచు కనిపిస్తుంది.

లోపలి కుట్టు ఏం చెబుతుంది

ప్యాంటును తిరగేసి లోపలి కాలి కుట్టు చూడండి. ఫెల్డ్ కుట్టులో రెండు బట్టల అంచులూ ఒకదానిలో ఒకటి మడత పడి లోపలికి వెళ్లిపోతాయి. అందుకే లోపల గానీ బయట గానీ పీచు అంచు ఎక్కడా కనిపించదు. రెండు వైపులా రెండు సమాంతర వరసలు కనిపిస్తాయి. ఆ పట్టీలో నాలుగు పొరల బట్ట ఉంటుంది, ఒక్కో వరస ఆ నాలుగు పొరల్నీ గుచ్చుకుంటూ పోతుంది. ఒక వరస తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. బలమంతా అందులోనే ఉంది.

దీన్ని అనుకరించే కుట్టు ఒకటుంది. ముందు రెండు అంచుల్ని ఓవర్‌లాక్‌తో కలుపుతారు, తర్వాత ఆ అంచును ఒక పక్కకు వాల్చి పైన రెండు వరసలు కుడతారు. బయటి నుంచి చూస్తే అచ్చం ఫెల్డ్ లాగే ఉంటుంది. తిరగేస్తే మాత్రం ఓవర్‌లాక్ దారాల అల్లిక, దాని పక్కన పీచు అంచు బయటపడతాయి. ఇది మోసమేమీ కాదు, చాలా ప్యాంట్లకు సరిపోయే కుట్టే. కానీ కాళ్లు కలిసే చోట రాపిడి ఎక్కువ కాబట్టి, ఓవర్‌లాక్ దారాలు అరిగి తెగాక బట్ట అంచు నుంచి పోగులు ఒక్కొక్కటే జారడం మొదలవుతుంది. ఫెల్డ్ కుట్టులో ఆ అంచు మడతలో దాగి ఉంటుంది కాబట్టి జారడానికి దారి ఉండదు.

పొడవు కుట్లు రెండూ, అంటే లోపలిదీ పక్కదీ, ఫెల్డ్‌గా ఉండాలని ఆశించకండి. చాలా మంచి జీన్స్‌లోనూ ఒకటే ఫెల్డ్‌గా ఉంటుంది, రెండోది ఓవర్‌లాక్‌గానో, సెల్వెడ్జ్ అయితే అంచులు విప్పి ఇస్త్రీ చేసినట్టుగానో ఉంటుంది. పక్క కుట్టు మీద రాపిడి తక్కువ కాబట్టి అక్కడ ఓవర్‌లాక్ ఉన్నా నష్టం లేదు. లోపలి కాలి కుట్టూ సీటు కుట్టూ ఫెల్డ్‌గా ఉంటే అసలు పని అయినట్టే.

అసలు పరీక్ష ఆ రెండూ ఒకదాన్నొకటి దాటే చోట. మడత మీద మడత పడి అక్కడ పది పొరల పైనే బట్ట పేరుకుంటుంది. ఆ గుట్ట ఎక్కేటప్పుడు సూది వంగుతుంది, కింది దారాన్ని అందుకోలేక ఒకటి రెండు కుట్లు తప్పుతుంది. దుకాణంలో వేలితో తడిమితే తెలుస్తుంది: వరస మధ్యలో మామూలు కుట్టుకి రెండింతలు పొడవున్న దారం తేలి ఉంటే అక్కడ కుట్టు తప్పినట్టే. అంత ముఖ్యమైన చోట ఒక్క కుట్టు తప్పినా ఆ జత పక్కన పెట్టి అదే మోడల్‌లో ఇంకోటి తీయండి. ఇది మోడల్ లోపం కాదు, ఆ ఒక్క ప్యాంటు లోపం.

ఫెల్డ్ కుట్లను సాధారణంగా గొలుసు కుట్టుతో వేస్తారు. లోపలి వైపు ఉంగరాల వరసలా కనిపించేది అదే. మామూలు కుట్టుమిషన్ వేసే లాక్‌స్టిచ్ అయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గొలుసు కుట్టు కాస్త సాగుతుంది కాబట్టి కూర్చున్నప్పుడు సీటు దగ్గర దారం తెగదు. దాని బలహీనత ఏమిటంటే, ఒకచోట తెగితే అక్కడి నుంచి వరసగా ఊడే గుణం ఉంది. కింది అంచు మడతలో ఇది ఎక్కువ కనిపిస్తుంది. వేలాడుతున్న దారాన్ని అలవాటుగా లాగేస్తే మడత మొత్తం విప్పుకుంటుంది. లాగకుండా కత్తిరించి, చివర రెండు కుట్లు వేయించుకోవాలి.

ఇంకో రెండు చిన్న పరీక్షలు. పై కుట్లను రెండున్నర సెంటీమీటర్ల పొడవులో లెక్కపెట్టండి. 7 నుంచి 9 కుట్లు ఉంటే బాగుంది. ఐదే ఉంటే తయారీలో తొందరపడ్డారని అర్థం. 12 ఉంటే ఎక్కువ బలం అనుకోకండి, సూది పోట్లు దగ్గర దగ్గరగా పడి బట్టకే చిల్లుల గీత గీసినట్టవుతుంది. తర్వాత కుట్టుకి రెండు పక్కలా పట్టుకుని అడ్డంగా గట్టిగా లాగండి. బట్టల మధ్య దారాలు నిచ్చెన మెట్లలా బయటికి కనిపిస్తే దారం బిగువు చాల్లేదు.

ఫెల్డ్ కుట్టుకి ఒక ఖరీదు కూడా ఉంది. అది ఎత్తుగా ఉంటుంది, ఎత్తుగా ఉన్నదే ముందు రాసుకుంటుంది. సైకిల్ ఎక్కువ తొక్కేవాళ్లకి సీటు మీద ఆ గుట్ట ఒత్తుకుంటుంది కూడా. పైగా లోపల విడిచిపెట్టిన బట్ట ఉండదు కాబట్టి దాన్ని వదులు చేయడం కుదరదు. కాళ్లు సన్నం చేయించాలనుకుంటే ఓవర్‌లాక్ ఉన్న పక్క కుట్టు వైపు నుంచే చేయించాలి. ఫెల్డ్ వైపు విప్పమంటే దర్జీ ఒప్పుకోకపోవడంలో తప్పు లేదు.

వాష్: కొన్న రోజుకే ఎంత అరిగిపోయింది

డెనిమ్‌లో నిలువుగా ఉండే పడుగు పోగులకే నీలిమందు పడుతుంది, అడ్డంగా నేసే పేక తెల్లగా ఉంటుంది. మూడు పడుగుల కింద ఒక పేక దూరే ట్విల్ నేత కాబట్టి బయట నీలం, లోపల తెలుపు కనిపిస్తుంది. నీలిమందు పోగు మధ్యదాకా ఇంకదు. నీటిలో కరిగే రూపంలో పోగును ముంచి, గాలిలో ఆరబెట్టి, మళ్లీ ముంచి, ఇలా చాలాసార్లు చేస్తే బయట ఒక ఉంగరంలా రంగు పేరుకుంటుంది. నడుమ తెల్లగానే ఉంటుంది. వెలవడం అంటే ఆ పై పొర ఊడి తెల్లని నడుమ బయటపడడమే. పై పొర ఊడదీయాలంటే నూలును కాస్త అరగదీయాలి, లేదా రసాయనంతో రంగును చంపాలి. కొత్త జీన్స్ పాతదానిలా కనిపిస్తోందంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి, తరచుగా రెండూ జరిగాయి.

పద్ధతుల మధ్య తేడా చాలా ఉంది. ఒక్కసారి నీళ్లలో ఉతకడం వల్ల గంజి పోతుంది, కుదింపు చాలావరకూ జరిగిపోతుంది, బట్టకి నష్టం లేదు. స్టోన్ వాష్‌లో అగ్నిపర్వతపు తేలిక రాళ్లతో కలిపి తిప్పుతారు. అది ఎత్తైన చోట్లనే కొడుతుంది, అంటే కుట్టు గుట్టల్నీ, జేబు అంచుల్నీ. దారాలు తెగడం అక్కడ మామూలు. తెగిన చోట ఫ్యాక్టరీలోనే మళ్లీ కుట్టి పంపిస్తారు. వరసలో ఒక ముక్క కొత్త రంగు దారంతో ఉంటే అదే కారణం.

ఎంజైమ్ వాష్‌లో సెల్యులేజ్ అనే ఎంజైమ్ నూలు పైపొరను తినేస్తుంది. అది బాగా అదుపులో ఉండే పని: ఆమ్ల రకం అయితే పీహెచ్ 5 దగ్గర, సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో నడుపుతారు, చాలనుకున్నప్పుడు వేడి పెంచో, క్షారం కలిపో ఎంజైమ్‌ను చంపేస్తారు. చంపడం ఆలస్యమైతే అది తింటూనే ఉంటుంది. ఎంజైమ్ నూలు దారాన్నీ వదలదు, అందుకే వాష్ చేసే జీన్స్‌కి లోపల పాలిస్టర్ ఉన్న దారం వాడతారు. బట్ట వెలిసినా నారింజ కుట్లు కొత్తగా మెరుస్తుండడానికి ఇదే కారణం.

బ్లీచ్, అంటే సోడియం హైపోక్లోరైట్, రంగుతో పాటు నూలు బలాన్నీ తీస్తుంది. ఎలాస్టేన్‌కైతే క్లోరిన్ పెద్ద శత్రువు. తొడల మీద తెల్లటి మచ్చ కోసం పొటాషియం పర్మాంగనేట్ చల్లి, ఆ తర్వాత మెటాబైసల్ఫైట్‌తో దాన్ని విరుస్తారు. సరిగా విరవకపోతే ఆ మచ్చ కొద్ది నెలల్లో పసుపు లేదా గోధుమ రంగు తిరుగుతుంది. ఇసుకను గాలితో కొట్టి వెలిసేలా చేసే పద్ధతి పనివాళ్ల ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెచ్చిపెట్టింది. టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. ఇప్పుడు అదే రూపం లేజర్‌తో వస్తోంది. లేజర్ పై పొరను కాల్చేస్తుంది, కాలే లోతు సరిగా పెడితే బట్టకి హాని తక్కువ. ముడతల గీతల్ని నిలబెట్టడానికి రెసిన్ పూసి వేడి చేస్తారు చూడండి, ఆ గీతలు గట్టిగా, పెళుసుగా ఉంటాయి. చిరుగు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఇవన్నీ దుకాణంలో ఎలా తెలుసుకోవాలి? ఒకే ప్యాంటు మీద రెండు చోట్లు పోల్చండి. యోక్ కింద వెనక భాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకోండి, తర్వాత తొడ మీద వెలిసిన చోటును అలాగే పట్టుకోండి. రెండోది స్పష్టంగా పలచగా, మెత్తగా తగిలితే అరగాల్సిన కాలంలో కొంత భాగం ఫ్యాక్టరీలోనే అయిపోయింది. వెలిసిన చోటుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే సూది మొన లాంటి చుక్కలు మెరిస్తే ఇంకా తీవ్రం. చిరుగులున్న డిజైన్‌లో తెల్ల అడ్డ పోగులు వేలాడుతుంటాయి. అవి పేకలు, వాటిని పట్టుకోవాల్సిన నీలి పడుగులు తెగిపోయాయి. వేసుకునేటప్పుడు బొటనవేలు అందులో తట్టుకుంటే ఆ చిరుగు ఎంత పెరుగుతుందో చెప్పనక్కర్లేదు.

మన మూడు జతల్లో మొదటిది ఇక్కడే వెనకబడిపోతుంది. ఇందులో వెలవబెట్టిన తొడ చోటు కాళ్లు రాసుకునే చోటు దాకా పాకింది. అంటే ఎక్కువ అరిగే చోటునే ముందుగా అరగదీశారు. వాష్ తొడ పైభాగానికే ఆగిపోయి, లోపలి తొడ ముదురు నీలంగానే ఉండి ఉంటే ఇదే జీన్స్‌కి ఇంకొంత ఆయుష్షు ఉండేది. వెలిసిన రంగు ఇష్టమైతే ఈ ఒక్క విషయం చూసి ఎంచుకోండి.

రా డెనిమ్ విషయంలో లెక్క తిరగబడుతుంది. బట్ట పూర్తి బలంతో ఉంది, కానీ పై రంగు వదులుగా ఉంది. తడి తెల్లగుడ్డతో పది సార్లు రుద్దితే గుడ్డ నీలమవుతుంది. లేత రంగు సోఫా, తెల్ల బూట్లు, లేత రంగు సంచీ ఉన్నవాళ్లు మొదటి కొన్ని నెలలు జాగ్రత్తపడాలి.

బరువు: ఎంత, ఎవరికి

డెనిమ్ బరువును చదరపు గజానికి ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు అంటే చదరపు మీటరుకి దాదాపు 34 గ్రాములు. పదిన్నర ఔన్సులు సుమారు 356 గ్రాములు, 13 ఔన్సులు 440, 16 ఔన్సులు 542. పది పదకొండు లోపు తేలిక, 12 నుంచి 14 మధ్యరకం, 15 పైన బరువు అని స్థూలంగా అనుకోవచ్చు.

లేబుల్ మీద బరువు లేకపోయినా ఇంట్లో కొలవచ్చు. పొడవు తగ్గించినప్పుడు మిగిలే కింది ముక్క పారేయకండి. కుట్లు లేని చోట 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ముక్క కత్తిరించి వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి. 4.4 గ్రాములు వచ్చిందంటే చదరపు మీటరుకి 440 గ్రాములు, 34తో భాగిస్తే 13 ఔన్సులు. త్రాసు గ్రాములో పదో వంతు చూపించకపోతే పెద్ద ముక్క తూచి లెక్క కట్టాలి. ఒకసారి ఉతికి కుదిరిన బట్ట అదే విస్తీర్ణంలో కాస్త బరువెక్కువ తూగుతుంది కాబట్టి, చెప్పిన బరువుకి అర ఔన్సు అటూ ఇటూ తేడా వస్తే అనుమానపడక్కర్లేదు.

బరువు పెరిగిన కొద్దీ ఏం మారుతుంది? పోగు లావవుతుంది, రాపిడికి తెగడానికి ఎక్కువ కాలం పడుతుంది. అయితే వేడి, బిగువు, ఆరే సమయం కూడా పెరుగుతాయి. 16 ఔన్సుల ప్యాంటు కుట్ల దగ్గర మర్నాటికీ తడిగా ఉంటే ఆశ్చర్యం లేదు. బరువు బట్ట మోకాలి వెనక పదునుగా మడత పడుతుంది, రోజూ అదే గీత మీద మడిస్తే ముందు అక్కడే పోగు తెగుతుంది. 20 ఔన్సులు దాటిన డెనిమ్ ఎక్కువ కాలం మన్నుతుందన్న నమ్మకం సగమే నిజం: బట్ట నిలబడుతుంది, కుట్టు దారాలే దాని గట్టిదనానికి ముందుగా తెగిపోతాయి. అందుకే మామూలు వాడకానికి 12, 14 ఔన్సుల మధ్యనే ఆగమని సలహా.

స్ట్రెచ్ జీన్స్‌లో బరువు కన్నా తిరిగి కుదురుకునే గుణం ముఖ్యం. ఎలాస్టేన్‌ను నూలు చుట్టిన పోగులా వాడతారు. కాలక్రమేణా, ముఖ్యంగా వేడి డ్రైయర్‌లో వేస్తే, లోపలి సాగే తీగ తెగుతుంది. అప్పుడు మోకాళ్లు ఉబ్బి అలాగే ఉండిపోతాయి. పరీక్ష సులభం: మోకాలి చోట బట్టను అడ్డంగా గట్టిగా లాగి పది లెక్కపెట్టి వదలండి. ఒక నిమిషం తర్వాత కూడా ఆ చోటు అలలుగా ఉంటే ఆ బట్ట త్వరగా వదులవుతుంది.

ఇక కుదింపు. శాన్ఫరైజ్ చేసిన, అంటే ఫ్యాక్టరీలో ముందుగా యంత్రం మీద కుదించిన డెనిమ్ ఆ తర్వాత పొడవులో ఒకటి నుంచి మూడు శాతమే తగ్గుతుంది. చేయని డెనిమ్ 8 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. మన మూడో జత ఈ రకం. లోపలి కాలి పొడవు 34 అంగుళాలు ఉన్నది 9 శాతం తగ్గితే దాదాపు 31 అంగుళాలు మిగులుతుంది. మీకు 31 కావాలంటే 34 కొనాలి, కొన్న రోజే కత్తిరించకూడదు. మీరు ఎప్పటికైనా ఉతికే నీళ్లలో అత్యంత వేడి ఎంతో అంత వేడిలో ఒక గంట నానబెట్టి, వేలాడదీసి ఆరబెట్టి, ఇంకోసారి ఉతికాక అప్పుడు పొడవు కొలిపించాలి. నడుం కూడా తగ్గుతుంది గానీ, వేసుకుంటుంటే చాలావరకూ తిరిగి సాగుతుంది.

సెల్వెడ్జ్ గురించి ఒక మాట. పాత షటిల్ మగ్గాల మీద సన్నని పన్నాలో నేసిన బట్టకి రెండు పక్కలా తానంతట తాను మూసుకున్న అంచు వస్తుంది, దాన్నే పక్క కుట్టులో వాడతారు. అది నేత పద్ధతి గుర్తు, బలానికి హామీ కాదు. వెడల్పు మగ్గం మీద నేసిన 13 ఔన్సుల మంచి డెనిమ్ నాసిరకం సెల్వెడ్జ్‌ను సులువుగా మించుతుంది.

ట్విల్ నేత ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఉతికాక కాలు మెలితిరిగే గుణం కూడా ఉంది. ఫ్యాక్టరీలో బట్టను ముందుగా ఆ దిశలోనే వాల్చి పెడితే తిరగదు. వాల్చకపోతే రెండు మూడు ఉతుకుల తర్వాత పక్క కుట్టు ముందుకు, పాదం మీదికి వచ్చేస్తుంది. ముందే ఉతికిన రెండో జతలో ఇది దుకాణంలోనే కనిపెట్టవచ్చు: ప్యాంటును బల్ల మీద పరిచి మోకాలి కింద పక్క కుట్టు అంచునే ఉందా చూడండి. రా జీన్స్‌లో ఇది ముందుగా తెలియదు.

రివెట్లు, బార్‌టాక్‌లు

జేబు మూలల్లో రివెట్ వేసే ఆలోచన దర్జీ జేకబ్ డేవిస్‌ది. లీవై స్ట్రాస్ కంపెనీతో కలిసి 1873 మే 20న అమెరికాలో దానికి పేటెంట్ తీసుకున్నారు. పని ఒక్కటే: జేబులో చెయ్యి పెట్టినప్పుడు లాగుడంతా పడే మూలను దారం మీద కాకుండా లోహం మీద ఆపడం. అప్పటికి పాలిస్టర్ దారం లేదు, ఇప్పుడు ఆ దారంతో ఒకే చోట దట్టంగా వేసే చిన్న కుట్టు పట్టీ, అంటే బార్‌టాక్, అదే పని చేస్తుంది. వెనక జేబుల రివెట్లు కుర్చీలనూ గుర్రపు జీనులనూ గీరుతున్నాయని మొదట బట్ట కింద దాచి, తర్వాత పూర్తిగా తీసేసి బార్‌టాక్‌లు పెట్టారు. కాబట్టి వెనక రివెట్లు లేవని జీన్స్‌ను తక్కువగా చూడనక్కర్లేదు.

రివెట్ వేసిన తీరు చూడాలి. వేలితో తిప్పితే గుండ్రంగా తిరిగిందంటే బట్ట మందానికి మేకు పొడవెక్కువ, అది కొన్నాళ్లకి ఊడుతుంది. మందమైన బట్టకి కొన్న రివెట్లను తేలికపాటి డెనిమ్‌కి వాడితే ఇలా జరుగుతుంది. మన మొదటి జతలో సరిగ్గా ఇదే పరిస్థితి. మరీ బిగించినా కష్టమే, రివెట్ చుట్టూ పోగులు కోసుకుపోయి ఒక వలయం కనిపిస్తుంది, చిరుగు దాని చుట్టూ తిరుగుతుంది. తిరగేసి లోపలి వైపు లోహం వచ్చిందో లేదో చూడండి. పై పొరకే అంటించిన అలంకార రివెట్ ఏమీ మోయదు. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము ఉంది, పై పూత అరిగాక తుప్పు మరక పడొచ్చు. రాగి, ఇత్తడి అయితే అంటుకోదు. నికెల్ పడని చర్మం ఉన్నవాళ్లు రివెట్ కన్నా నడుం బొత్తాం వెనక భాగాన్ని చూసుకోవాలి, పొట్టకి తగిలేది అదే.

తేలిక బట్ట మీద బార్‌టాక్ మరీ దట్టంగా ఉంటే అదే చిల్లుల గీతగా మారుతుంది. జేబు మూలలో కుట్టు చెక్కుచెదరకుండా దాని పక్కన బట్ట చిరిగిన జీన్స్ చూసే ఉంటారు. లోపల చిన్న గుడ్డ ముక్క ఆసరాగా పెట్టారేమో చూడండి, అది ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

ఎవరికి ఏది

రోజూ వేసుకుని, చాలా నడిచి, వారానికి ఒకసారి ఉతికి, ఒకే జతను రెండేళ్లు లాగాలనుకునే మనిషిని తీసుకుందాం. లోపలి తొడలు రాసుకుంటాయి. కుట్టు దగ్గర మొదటి జత ఓడింది, మిగతా రెండూ నిలిచాయి. వాష్ దగ్గర మొదటిది మళ్లీ ఓడింది. బరువు దగ్గర మూడోది ముందుంది కానీ ఈ మనిషికి వారం వారం ఉతకాలి, వారం వారం ఆరబెట్టాలి, మొదటి రెండు ఉతుకుల దాకా పొడవు కుదరదు, కాలు మెలితిరుగుతుందో లేదో తెలియదు. రెండో జతలో ఇవన్నీ అయిపోయి చేతికొస్తుంది. కాబట్టి రెండోదే. అది కూడా లోపలి తొడ దగ్గరే ముందు పలచబడుతుంది. నీలం పోయి తెల్ల అడ్డ పోగులు విడివిడిగా కనిపించడం మొదలైన వారమే లోపల నుంచి పలచని డెనిమ్ ముక్క పెట్టి మెషీన్ మీద ముందుకూ వెనక్కీ దగ్గర దగ్గరగా కుట్టిస్తే ఇంకా చాలాకాలం నడుస్తుంది. చిల్లు పడ్డాక కుట్టిస్తే చుట్టూ బలహీనపడిన బట్ట ఆ కుట్టును నిలవనీయదు.

గంటల తరబడి కూర్చుని పనిచేసేవారు, బిగుతు కోత ఇష్టపడేవారు, వేడి ప్రాంతంలో ఉండేవారు మొదటి జత వైపు మొగ్గడం సబబే. వాళ్లకి మోకాలి సాగుడు, నడుం సౌకర్యం ముఖ్యం, రాపిడి తక్కువ. కాకపోతే ఇదే 10, 11 ఔన్సుల స్ట్రెచ్‌లో వెలవని ముదురు రంగు తీసుకోమనండి, ఉతికాక వేడి డ్రైయర్‌కి దూరంగా ఉంచమనండి. కాలు సన్నం చేయించాలన్నా ఇందులో ఓవర్‌లాక్ కుట్టు దర్జీకి సులువు.

మూడో జత రంగు తన ఒంటి మీద తన అలవాట్ల ప్రకారం వెలవాలని కోరుకునేవారికి. వాళ్లకి ఒక హెచ్చరిక చాలు: రా జీన్స్‌ను నెలల తరబడి ఉతక్కుండా ఉంచితే గీతలు పదునుగా వస్తాయి నిజమే, కానీ చెమట ఉప్పూ దుమ్మూ పోగుల మధ్య చేరి ప్రతి అడుగుకీ నూలును గరుకుగా రుద్దుతాయి. కాళ్లు కలిసే చోట మురికి నల్లగా మెరుస్తోందంటే ఉతకాల్సిన సమయం దాటిపోయింది. తిరగేసి చల్లని నీళ్లలో, బ్లీచ్ లేని సబ్బుతో ఉతికి, నీడన ఆరేయాలి. కింది మడత గొలుసు కుట్టుతోనే వేయమని దర్జీకి చెప్పండి. లాక్‌స్టిచ్‌తో వేసినా బలంలో లోటుండదు గానీ, ఉతికాక మడత మీద తాడు పేనినట్టు వచ్చే ఏటవాలు వెలుపు అంతగా రాదు, ఈ రకం కొనేవాళ్లు దానికోసమే చూస్తారు.